నెమ్మదిగా స్పందించే ఆటగాళ్లకు పాజ్ ఉన్న రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రియల్ టైమ్ స్ట్రాటజీ అంటేనే వేగం కదా, చేతులు, కళ్లు నెమ్మదిగా పనిచేసేవారికి అందులో చోటుందా?

ఉంది. అయితే వంతులు లేకుండా, కాలం నడుస్తుండగానే సైన్యాన్నీ, ఊరినీ నడిపించే ఈ ఆటలలో వేగం అనేది రెండు వేర్వేరు చోట్ల అవసరమవుతుందని ముందు గ్రహించాలి. తెరపై ఏదో జరిగినట్లు గమనించి మీట నొక్కడానికి పట్టే సమయం మొదటిది. ఆరోగ్యవంతులైన యువకులకు కూడా దానికి దాదాపు పావు సెకను పడుతుంది, వయసుతోనూ, అలసటతోనూ, కొన్ని మందుల వల్లనూ అది పెరుగుతుంది. ఒక నిమిషంలో ఎన్ని ఆదేశాలు ఇవ్వగలమన్నది రెండవది. స్టార్‌క్రాఫ్ట్ పోటీలలో పాల్గొనే నిపుణులు నిమిషానికి 300కు పైగా చర్యలు చేయడం సాధారణం. వారిని చూసి చాలామంది ఈ రకం ఆటలు తమవి కావని నిర్ణయించుకుంటారు.

ఒంటరిగా కంప్యూటర్‌తో ఆడేటప్పుడు మాత్రం రెండవ రకం వేగాన్ని పూర్తిగా తొలగించే ఏర్పాటు కొన్ని ఆటలలో ఉంది. ఆటలోని కాలాన్ని నిలిపి, ఆ నిలిచిన కాలంలోనే సైన్యాన్ని ఎంచుకొని, ఎక్కడికి వెళ్లాలో చెప్పి, కట్టడాలకు స్థలం చూపి, తరువాత కాలాన్ని తిరిగి నడిపించవచ్చు. దీనినే యాక్టివ్ పాజ్ అంటారు. మొదటి రకం వేగాన్ని మాత్రం ఏ పాజూ పూర్తిగా తీసివేయలేదు, ఎందుకంటే పాజ్ నొక్కాలన్నా ముందు ప్రమాదాన్ని గమనించాలి. అందువల్ల ఆట ఎంపికలోనూ, ఆడే పద్ధతిలోనూ కష్టపడవలసింది గమనించడం మీదనే.

పెట్టె మీద గానీ, దుకాణం పేజీలో గానీ పాజ్ ఉందని రాసి ఉంటే సరిపోతుందా?

సరిపోదు. పాజ్ అన్న మాట కింద మూడు వేర్వేరు ఏర్పాట్లు చలామణి అవుతున్నాయి. ఒకటి మెనూ పాజ్: ఆట ఆగుతుంది, తెరపై మెనూ పరుచుకుంటుంది, యుద్ధభూమి సరిగా కనిపించదు. ఫోన్ మోగినప్పుడు లేచి వెళ్లడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. రెండవదానిలో యుద్ధభూమి కనిపిస్తుంది, కెమెరాను తిప్పి చూడవచ్చు, కానీ ఆదేశాలు స్వీకరించబడవు. ఆలోచించుకోవడానికి ఇది కొంత సాయపడుతుంది, కానీ కాలం మళ్లీ నడవగానే ఆలోచించినవన్నీ హడావుడిగా నొక్కవలసిందే. మూడవదే మనకు కావలసిన యాక్టివ్ పాజ్.

స్టార్‌క్రాఫ్ట్ 2 ప్రచారాన్ని, అంటే వరుస ఘట్టాలుగా కథతో సాగే ఒంటరి ఆటను, ఉదాహరణగా తీసుకుంటే, అందులో పాజ్ ఉంది, అయిదు స్థాయిల వేగ నియంత్రణ ఉంది, క్యాజువల్ అనే తేలికైన స్థాయి కూడా ఉంది, కానీ పాజ్‌లో ఆదేశాలు ఇవ్వడం కుదరదు. ఆ ఆట చాలా బాగుంటుంది, మొదటి ప్రచారం 2017 నుండి ఉచితం కూడా, అయినా ఈ పేజీ చదివేవారికి నేను దానిని మొదటి ఆటగా సూచించను.

కొన్న ఆటలో ఉన్నది ఏ రకం పాజో త్వరగా ఎలా తెలుసుకోవాలి?

బోధన పాఠాలు పూర్తయ్యే వరకు ఆగనవసరం లేదు. ఆట మొదలై మొదటి కట్టడం, ఒకరిద్దరు సైనికులు కనిపించగానే పాజ్ నొక్కండి. ఒక సైనికుడిని ఎంచుకొని, కొంత దూరంలో నేలపై కుడి క్లిక్ చేయండి. తరువాత కట్టడాల జాబితా తెరిచి ఏదో ఒకదానికి స్థలం చూపండి. కాలాన్ని తిరిగి నడిపించినప్పుడు సైనికుడు చెప్పిన చోటికి కదిలి, కట్టడం పని మొదలైతే మీకు కావలసినది దొరికినట్లే. సైనికుడు కదిలి కట్టడం మొదలుకాకపోతే అది సగం పాజ్. అటువంటివి కూడా ఉన్నాయి, కాబట్టి రెండూ పరీక్షించాలి.

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో కొన్నవారికి ఒక హెచ్చరిక. కొన్న 14 రోజులలోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే సొమ్ము వాపసు అడగవచ్చు. అయితే ఆట తెరిచి ఉన్న సమయమంతా ఆడిన సమయంగానే లెక్కకు వస్తుంది, పాజ్‌లో గడిపిన నిమిషాలకు మినహాయింపు లేదు. నెమ్మదిగా ఆడేవారికి రెండు గంటలు ఇట్టే కరిగిపోతాయి. పై పరీక్షను మొదటి పావుగంటలోనే ముగించమని చెప్పడం అందుకే.

అయితే ఏ ఆటతో మొదలుపెట్టాలి?

నా సూచన దే ఆర్ బిలియన్స్. స్పెయిన్‌కు చెందిన న్యుమాంటియన్ గేమ్స్ దీనిని 2017 డిసెంబరులో ముందస్తు రూపంలోనూ, 2019 జూన్‌లో పూర్తి రూపంలోనూ విడుదల చేసింది. వేలాది జాంబీలు ఒక్కసారిగా మీద పడే ఆటను నెమ్మదిగా స్పందించేవారికి సూచించడం వింతగా తోచవచ్చు, పైగా ఇది కఠినమైన ఆటగా పేరు పొందింది. కానీ ఆ కఠినత్వం దాదాపు అంతా ప్రణాళికలోనే ఉంది, వేళ్ల వేగంలో చాలా కొద్దిగా ఉంది.

దీనికి కారణాలు ఆట నిర్మాణంలోనే కనిపిస్తాయి. స్పేస్ బార్ నొక్కితే కాలం ఆగుతుంది, ఆగిన కాలంలో కట్టడాలు పెట్టవచ్చు, సైన్యానికి ఆదేశాలు ఇవ్వవచ్చు, ఏ సమాచారమైనా చదువుకోవచ్చు. కట్టడానికి పనివాళ్లను వెతికి పంపవలసిన అవసరం లేదు, స్థలం చూపితే కట్టడం తనంతట తాను లేస్తుంది. కలప కోసం రంపపు మిల్లు, రాయి, ఇనుము కోసం క్వారీ, ఆహారం కోసం వేటగాళ్ల గుడిసె లేదా జాలర్ల గుడిసె ఒకసారి సరైన చోట పెడితే, అవి తమ చుట్టూ ఉన్న నేలను బట్టి రాబడి ఇస్తూనే ఉంటాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వంటి ఆటలలో పదుల సంఖ్యలో గ్రామస్థులను ఒక్కొక్కరినీ పనికి పంపుతూ ఉండవలసి వస్తుంది. ఆ భారం ఇక్కడ లేనే లేదు. ఒక ఆట నెమ్మదైనదా కాదా అని నిర్ణయించడంలో పాజ్ తరువాత నేను చూసేది ఈ గుణాన్నే.

ఇంకొక చిన్న ప్రయోజనం కూడా ఉంది. ఈ ఆట తెలుగులో లేదు, ప్రతి కట్టడం వివరణనూ ఇంగ్లీషులోనే చదవాలి. పాజ్ చేసి తీరికగా చదువుకోవచ్చు కనుక, భాష వల్ల కలిగే ఆలస్యానికి ఇక్కడ శిక్ష పడదు.

కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు ఏ అమరికలు ఎంచుకోవాలి?

నిర్ణీత రోజుల పాటు ఊరిని కాపాడుకోవలసిన సర్వైవల్ విధానంలో మూడు విషయాలు నిర్ణయించవలసి ఉంటుంది: మ్యాప్, ఆట ఎన్ని రోజులు సాగాలన్నది, జాంబీల జనాభా. మొదట దొరికేది డీప్ ఫారెస్ట్ అనే అడవి మ్యాప్, దానితోనే ఆడాలి. జనాభాను అతి తక్కువకు పెట్టండి.

రోజుల సంఖ్య దగ్గర చాలామంది పొరపడతారు. 80 రోజులు బ్రతికితే చాలు, 150 రోజులు బ్రతకడం కంటే అది తేలిక కదా అనిపిస్తుంది. నిజానికి వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. దాడులు ఆట మొత్తం వ్యవధికి అనుగుణంగా సర్దుకుంటాయి కాబట్టి, తక్కువ రోజులు ఎంచుకుంటే అవే దండయాత్రలు దగ్గర దగ్గరగా వచ్చి పడతాయి, ఊరు కట్టుకునే వ్యవధి తగ్గిపోతుంది. నెమ్మదిగా ఆడేవారు 150 రోజులు ఎంచుకోవాలి. స్కోరు తక్కువ వస్తుంది, దానిని పట్టించుకోనవసరం లేదు.

పాజ్ ఎప్పుడెప్పుడు నొక్కాలి?

ప్రమాదం కనిపించినప్పుడు నొక్కడం అలవాటు చేసుకుంటే, ఆ అలవాటు మళ్లీ మీ కంటిచూపు వేగం మీదే ఆధారపడుతుంది. ప్రమాదంతో సంబంధం లేకుండా క్రమం తప్పక నొక్కడం మేలు. ఈ ఆటలో రాబడి ప్రతి ఎనిమిది గంటలకు ఒకసారి చేతికి వస్తుంది, ఇక్కడ గంటలంటే ఆటలోని గంటలు. రాబడి అందగానే స్పేస్ బార్ నొక్కాలని నియమం పెట్టుకుంటే, ఆటలోని ఒక రోజులో మూడుసార్లు తప్పనిసరిగా ఆగుతారు.

ఆగిన ప్రతిసారీ ఒకే వరుసలో చూడండి. మొదట తెర మూలలోని చిన్న పటమైన మినీమ్యాప్‌లో ఊరి సరిహద్దు వెంట ఒక చుట్టు కళ్లు తిప్పాలి. తరువాత ఆహారం, విద్యుత్తు, పనివాళ్లలో ఏది అడుగంటుతున్నదో చూడాలి, ఎందుకంటే వాటిలో ఒకటి ఆగితే దాని మీద ఆధారపడినవన్నీ ఆగుతాయి. చివరగా చేతిలోని బంగారాన్ని ఖర్చు పెట్టాలి. ఆ వరుస పూర్తయ్యాక కాలాన్ని నడిపించండి. పాజ్‌లో ఎంతసేపు ఉన్నా ఆట ఏమీ అనదు.

ఇవి కాక రెండు సందర్భాలలో వెంటనే ఆగాలి. ఒకటి దాడి గురించిన స్వర హెచ్చరిక వినిపించినప్పుడు, రెండవది అన్వేషణకు వెళ్లిన రేంజర్, అంటే బాణాలు వేసే సైనికురాలు, కొత్త గుంపును చూసినప్పుడు. స్వర హెచ్చరికల శబ్దాన్ని సంగీతం కంటే బాగా ఎక్కువగా పెట్టుకోవడం వల్ల మొదటిది సులువవుతుంది. నా మట్టుకు నేను సంగీతాన్ని పూర్తిగా తీసివేయమంటాను. తెర మూలలో జరిగేది కన్ను పట్టుకోవడం కంటే చెవి పట్టుకోవడమే త్వరగా జరుగుతుంది.

ఒక దాడిని మొదటి నుండి చివరి వరకు పాజ్‌తో ఎలా ఎదుర్కోవాలో చెప్పగలరా?

150 రోజుల ఆటలో మొదటి వారాలు గడిచాయనుకుందాం. ఊరి చుట్టూ కొంత వరకు చెక్క గోడ ఉంది, ఆరుగురు రేంజర్లు, ఒక సోల్జర్ ఉన్నారు, వుడ్ వర్క్‌షాప్‌లో పరిశోధన పూర్తయింది కనుక పెద్ద బాణాలు విసిరే బల్లిస్టా కట్టే అవకాశం వచ్చింది. ఉత్తరం నుండి పెద్ద గుంపు వస్తోందన్న హెచ్చరిక వినిపించింది.

వెంటనే స్పేస్ బార్. మొదట చేయవలసింది చూడడమే. ఉత్తరాన ఉన్న దారులు ఎన్ని, వాటిలో గోడ ఉన్నది ఎన్నింటికి, అడవి, కొండ, నీరు సహజంగా మూసివేసిన చోట్లు ఏవి అన్నది కెమెరాను నిదానంగా తిప్పి చూసుకోవాలి. జాంబీలు చెట్ల గుండా, రాళ్ల గుండా రాలేవు, కాబట్టి అడవి మ్యాప్‌లో ఉత్తరమంటే చాలాసార్లు ఒకటి రెండు సందులే. మన ఉదాహరణలో రెండు సందులున్నాయి. ఎడమవైపు సందుకు గోడ ఉంది, కుడివైపు సందు తెరిచి ఉంది.

కాలం ఆగి ఉండగానే మూడు పనులు చేస్తాము. కుడివైపు సందుకు గోడ గీస్తాము, ఊరి లోపలి వైపున దాని వెనుక బల్లిస్టాకు స్థలం చూపుతాము. నలుగురు రేంజర్లను అక్కడికి, ఇద్దరిని ఎడమవైపుకు పంపుతాము. సోల్జర్‌ను మాత్రం ఊరి మధ్యలోనే ఉంచుతాము. అతని తుపాకీ శబ్దం దూరాన మెదలకుండా ఉన్న జాంబీలను కూడా రప్పిస్తుంది, రేంజర్ల బాణాలకు ఆ దోషం లేదు. శబ్దం ఎంత పెరిగితే మీరు గమనించవలసిన దిక్కులు అన్ని పెరుగుతాయి కనుక, నెమ్మదిగా ఆడేవారు తొలి దశలో రేంజర్ల మీదనే ఆధారపడడం మంచిది.

ఇప్పుడు కాలాన్ని రెండు మూడు సెకన్లు నడిపి మళ్లీ ఆపాలి. ఇచ్చిన ఆదేశాలు నిజంగా మొదలయ్యాయా అని చూడడానికే ఈ చిన్న విరామం. గోడలో ఒక గడి చెట్టుకు ఆనుకోక ఖాళీ మిగలడం తరచుగా జరుగుతుంది. ఆ ఒక్క గడి నుండే అందరూ లోపలికి వస్తారు. ఖాళీ ఉంటే పూడ్చి మళ్లీ నడిపించండి.

గుంపు కనిపించగానే మరొకసారి ఆగండి. ఏ సందు వైపు వస్తున్నారో ఇప్పుడు తెలుస్తుంది. ఎడమవైపున ఉన్న ఇద్దరు రేంజర్లను కుడివైపుకు తేవాలా అన్నది ఇక్కడ నిర్ణయించాలి. అటు ఎవరూ రావడం లేదని స్పష్టంగా కనిపిస్తేనే తేవాలి. తరువాత పోరాటంలో మీరు చేయవలసింది దాదాపు ఏమీ లేదు, గోడ వెనుక నిలిచిన రేంజర్లు, బల్లిస్టా తమంతట తామే కాలుస్తారు. మూడు నాలుగు సెకన్లకు ఒకసారి ఆపి గోడ ఆరోగ్యాన్ని చూస్తూ, అది సగానికి తగ్గితే వెనుక మరొక వరుస గోడ పెట్టడమే మీ పని. పోరాటం ముగిసే వరకు మొత్తం మీరు ఇచ్చిన ఆదేశాలు ఇరవై దాటవు, వాటిలో ఒక్కటి కూడా కాలం నడుస్తుండగా ఇవ్వవలసిన అవసరం రాలేదు.

అన్నిసార్లూ పాజ్ చేస్తూనే ఉన్నాను, అయినా ఊరు కూలిపోతోంది. ఎందుకు?

పాజ్ మీకు ఆలోచించే సమయం ఇస్తుంది, గోడ లేవడానికి కావలసిన సమయం ఇవ్వదు. కాలం ఆగి ఉన్నప్పుడు కట్టడం పెరగదు, బంగారం పేరుకోదు, శిక్షణలో ఉన్న రేంజర్ బయటకు రాడు. జాంబీలు గోడను తాకుతున్నప్పుడు పాజ్ చేసి బల్లిస్టా పెడితే, అది పూర్తయ్యేసరికి గోడ ఉండదు. అంటే మీ ఆలస్యం పాజ్ చేయడంలో లేదు, దానికి కొన్ని రోజుల ముందు తీసుకోని నిర్ణయంలో ఉంది.

దీనిని గుర్తించే పద్ధతి ఒకటి ఉంది. ఓడిపోయిన క్షణంలో ఆగి, ఇప్పుడు నా దగ్గర ప్రపంచంలోని వేగమంతా ఉంటే ఈ ఊరిని కాపాడగలనా అని ప్రశ్నించుకోండి. కాపాడలేననిపిస్తే లోపం ప్రణాళికలో ఉంది, తదుపరి ఆటలో ఆ దిక్కున ముందుగా కట్టాలి. కాపాడగలననిపిస్తే లోపం గమనించడంలో ఉంది, పాజ్‌ల మధ్య దూరం తగ్గించాలి. ఎక్కువమంది విషయంలో మొదటి సమాధానమే వస్తుందని నా అంచనా.

పెద్ద దాడిని తట్టుకున్నాను, కానీ ఒకే ఒక్క జాంబీ వెనుక నుండి వచ్చి అంతా నాశనం చేసింది. దీనికి విరుగుడు ఏమిటి?

ఈ ఆటలో ఎక్కువ ఊళ్లు పోయేది ఇలాగే. ఒక జాంబీ ఒక గుడారాన్ని కూల్చితే అందులోని నివాసులు జాంబీలుగా బయటకు వస్తారు, వారు పక్క గుడారాల మీద పడతారు. ఇళ్లు దగ్గర దగ్గరగా కట్టి ఉంటే నిమిషం తిరగకముందే పరిస్థితి చేయి దాటుతుంది. స్పందన నెమ్మదిగా ఉన్నవారికి అసలైన ప్రమాదం వేలమంది దండు కాదు, ఎవరూ చూడని ఈ ఒక్కరే. దండు వస్తున్నప్పుడు ఆట చెప్పి పంపుతుంది, ఈ ఒక్కరు చెప్పి రారు.

విరుగుడు కంటిచూపు కాదు, ఏర్పాటు. ఇళ్లను ఊరి మధ్యలో, బయటి అంచున రంపపు మిల్లులు, క్వారీల వంటి జనం నివసించని కట్టడాలను ఉంచండి. వాటి మీద దాడి జరిగినప్పుడు వచ్చే హెచ్చరికే మీకు ముందస్తు సూచన అవుతుంది. ప్రతి తెరిచిన సందు దగ్గర ఒక్క రేంజర్‌ను నిలబెట్టండి, రెండు సందులు దగ్గరగా ఉంటే ఆ రెండింటి మధ్య తిరిగేలా గస్తీ ఆదేశం ఇవ్వండి. ఆ రేంజర్ ఒంటరి జాంబీని మీరు చూడకపోయినా కొట్టి పారేస్తుంది. తొలి రోజులలో సైన్యమంతా ఒకే చోట ఉంచడం కంటే ఇలా చెదరగొట్టడమే నయం.

తరువాతి దశలో హార్పీలు వస్తాయి. అవి వేగంగా పరుగెత్తుతాయి, గోడలను దూకి దాటుతాయి, కాబట్టి కేవలం గోడను నమ్ముకున్న ఊరు వాటికి తలవంచుతుంది. గోడకు కొంచెం వెనుకగా, లోపలి వైపున కాల్పులు జరిపేవారు ఉండాలి. నెమ్మదైన ఆటగాడిని నిజంగా ఇబ్బంది పెట్టే శత్రువు ఈ ఆటలో ఇదొక్కటే అనవచ్చు.

సర్వైవల్‌లో పాత సేవ్‌కు తిరిగి వెళ్లలేమట, నిజమేనా?

నిజమే. ఆట నుండి బయటకు వస్తే ఉన్న స్థితి భద్రమవుతుంది, తిరిగి అక్కడి నుండే సాగించవచ్చు, కానీ పది రోజుల వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నించే వీలు లేదు. ఊరు పోతే ఆ ఆట ముగిసినట్లే. గంటలకొద్దీ పాజ్‌లో కూర్చొని కట్టిన ఊరు పోవడం చాలా బాధగా ఉంటుంది, ఈ నిర్ణయం నాకు నచ్చలేదు. దీనిని భరించలేనివారు 2019లో వచ్చిన ప్రచారాన్ని ఆడవచ్చు, అందులో ఓడిన ఘట్టాన్ని మళ్లీ ప్రయత్నించవచ్చు. అయితే ప్రచారంలో ఒకే వీరుడిని నడిపించి పాడుబడిన కోటలలో వెతికే ఘట్టాలు కూడా ఉన్నాయి, అవి ఊరు కట్టడమంత ఆసక్తికరంగా ఉండవు.

జాంబీలు నచ్చవు. ఇదే సౌకర్యంతో ఇంకేమి ఉన్నాయి?

నిజంగా నింపాదిగా సాగేది కావాలంటే ఐరన్‌క్లాడ్ గేమ్స్ రూపొందించగా 2008లో విడుదలైన సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్, దాని తరువాతి రూపమైన రెబెలియన్ చూడండి. ఒక గ్రహం నుండి ఇంకొక గ్రహానికి నౌకాదళం చేరడానికే చాలాసేపు పడుతుంది, పెద్ద నౌకల మధ్య పోరాటాలు సెకన్లలో ముగియవు. శత్రువు బయలుదేరాడని తెలిసిన తరువాత కూడా నిర్ణయించుకోవడానికి వ్యవధి మిగులుతుంది. ఈ ఆటలో పాజ్ ఉంది, కానీ అది లేకపోయినా నెమ్మదైనవారు నెగ్గుకురాగలరని నాకు అనిపిస్తుంది.

చిన్న దళాల యుద్ధం కావాలనుకునేవారికి 2023లో వచ్చిన కంపెనీ ఆఫ్ హీరోస్ 3 ఉంది. ఈ వరుసలోని ముందటి ఆటలు గ్రనేడ్ పడే చోటు నుండి దళాన్ని క్షణాలలో తప్పించమని అడిగేవి. మూడవదానిలో ఒంటరి ఆటకు పూర్తి టాక్టికల్ పాజ్ చేర్చారు, ఆగిన కాలంలో ఒక దళానికి ఒకదాని వెనుక ఒకటిగా ఆదేశాలు పేర్చిపెట్టవచ్చు.

టోటల్ వార్ వరుసలో యుద్ధాన్ని ఆపి ఆదేశాలు ఇవ్వడం ఎప్పటి నుండో ఉంది, కానీ లెజెండరీ స్థాయి ఎంచుకుంటే ఆ సౌకర్యం పోతుంది. స్థాయిని పెంచేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఇక స్టెల్లారిస్, క్రూసేడర్ కింగ్స్ 3 వంటి పారడాక్స్ సంస్థ ఆటలలో కాలం రోజుల లెక్కన నడుస్తుంది, వేగాన్ని అయిదు స్థాయిలలో మార్చవచ్చు, ఎప్పుడైనా ఆపి ఆదేశాలివ్వవచ్చు. వాటిలో వేళ్ల వేగం అసలు ప్రశ్నే కాదు, కాకపోతే చదవవలసినది చాలా ఉంటుంది.

పాజ్ బదులు ఆట వేగాన్ని తగ్గిస్తే సరిపోదా?

కొందరికి అదే మేలు. మాటిమాటికి ఆపడం వల్ల ఆట ముక్కలుగా తోచి విసుగు పుడుతుందని చెప్పేవారున్నారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వంటి ఆటలలో ఒంటరిగా ఆడేటప్పుడు మామూలు కంటే తక్కువ వేగం ఎంచుకోవచ్చు. ఉచితంగా దొరికే 0 ఎ.డి.లో కూడా వేగం తగ్గించే అవకాశం ఉంది. అయితే వేగాన్ని తగ్గించినప్పుడు ఏమీ జరగని నిమిషాలు కూడా అంతే సాగుతాయి, తొలి దశలో అది భరించరానిదిగా ఉంటుంది. రెండూ ఉన్న ఆటలో మామూలు వేగంతో మొదలుపెట్టి, పోరాటం దగ్గర పడినప్పుడు వేగం తగ్గించి, నిర్ణయాల దగ్గర ఆపడం సరైన పద్ధతి.

స్నేహితులతో కలిసి ఆడేటప్పుడు పాజ్ పనిచేస్తుందా?

ఒకరిపై ఒకరు పోటీపడే ఆటలలో ఆశించకండి. ఎదుటివారి కాలాన్ని కూడా ఆపుతున్నాము కనుక అక్కడ పాజ్‌కు కట్టడి ఉండడం సహజం. స్టెల్లారిస్‌లో మాత్రం తెలిసినవారు కలిసి ఆడేటప్పుడు కాలాన్ని ఆపి ఆదేశాలివ్వవచ్చు. ముందే మాట్లాడుకొని, ఎవరు ఎప్పుడు ఆపినా అభ్యంతరం లేదని ఒప్పుకున్న బృందంతో ఆడితే ఇబ్బంది రాదు. దే ఆర్ బిలియన్స్ ఒక్కరే ఆడే ఆట.

స్పేస్ బార్‌ను వందలసార్లు నొక్కడం వల్ల చేయి నొప్పి పుడుతోంది. ఏమి చేయవచ్చు?

పాజ్‌ను మౌస్ పక్క మీటకు మార్చుకోండి. ఆటలోనే మీటలు మార్చే అవకాశం ఉంటే సరే, లేకపోతే మౌస్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో పక్క మీటకు స్పేస్ బార్‌ను కేటాయిస్తే ఆటకు తేడా తెలియదు. బొటనవేలిని ఎత్తవలసిన అవసరం లేకపోవడం వల్ల శ్రమ తగ్గడమే కాక, చేయి కీబోర్డు వైపు వెళ్లే వ్యవధి కూడా మిగులుతుంది. వేళ్లలో వణుకు ఉన్నవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి: ఒకే మీట ఆపడానికీ, నడిపించడానికీ పనిచేస్తుంది కనుక, తెలియకుండా రెండుసార్లు నొక్కుకుంటే ఆగిందనుకున్న కాలం నడుస్తూ ఉంటుంది. కాలం ఆగి ఉన్నదని తెరపై సూచించే గుర్తు ఎక్కడ ఉందో మొదటి రోజే చూసి పెట్టుకొని, ఆదేశం ఇచ్చే ముందు ఒకసారి దాని వైపు చూడండి. మౌస్ తెర అంచుకు తగిలినప్పుడు కెమెరా జారిపోవడం కూడా అటువంటివారిని విసిగిస్తుంది. ఆ అమరికను తీసివేసే వీలుంటే తీసివేసి, మినీమ్యాప్ మీద క్లిక్ చేస్తూ కదలడం అలవాటు చేసుకోవచ్చు.